పదమూడో తేదీ టిక్కెట్టు

మా ఆవిడ పుష్పావతి నన్నడక్కుండా నా జుట్టు మొక్కేసింది. పదకొండేళ్ళ కిందటి మాట. లోపల నాకు గుండెకు స్టెంటు వేస్తుంటే, ఆమె ఆసుపత్రి వరండాలో కూర్చుని తిరుమల వెంకటేశ్వరస్వామికి తలనీలాలు ఇస్తానని చెప్పుకుంది. ఆమెవి కాదు, నావి. మీసంతో సహా.

ఇంటికి వచ్చాక విషయం తెలిసి, "ఎవరి జుట్టు ఎవరు మొక్కారు?" అని అడిగాను.

"ప్రాణం ఎవరిదో జుట్టూ వాళ్ళదే ఇవ్వాలి కదా మేష్టారూ," అంది, చారులో పోపు వేస్తూ.

నాకు జుట్టంటే మమకారం ఉండేది. ముళబాగిలు హైస్కూల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పాను. అక్కడి పిల్లలు నాకు పెట్టిన పేరు కూడా జుట్టు మీదే పెట్టారు. అది ఇక్కడ రాయను. ఆ పదకొండేళ్ళలో పుష్పావతి నా పేరుతో ఆరుసార్లు ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్టు తీసింది. ఆరుసార్లూ నేను కొండ ఎక్కలేదు. ఆ టిక్కెట్లు ఒకసారి తీస్తే రద్దు కావు, తేదీ మారదు, పేరూ మారదు. నా పేరు రాసిన చోటు క్యూలో ఖాళీగా నడిచి ఉంటుంది. ఆమె మాత్రం కావ్యతోనో, మా అక్క పాపక్కతోనో వెళ్ళి వచ్చి, నా చేతిలో లడ్డూ పెట్టి, నా తల వంక ఒకసారి చూసి ఊరుకునేది.

పోయిన ఏడు జూలై ఐదున ఆమె పోయింది. మూడు రోజుల జ్వరం. అంతకు మించి చెప్పవలసింది లేదు.

కర్మలు మా తమ్ముడి కొడుకు అమరనాథ్ చేశాడు. పదో రోజు గుండు వాడికే అయింది. మంగలి నా వైపు తిరగబోతే పాపక్క అడ్డం వచ్చింది. "వానిది మొక్కుబడి జుట్టు. కింద తీసేదానికి లేదు, కొండ మీదనే తీయల్ల," అంది. అంత దుఃఖంలోనూ ఆమె నా తల మీద స్వామివారి హక్కును కాపాడింది.

ఇంట్లో భార్య పోతే భర్త ఏడాది వరకు కొండ ఎక్కకూడదని మా వాళ్ళ ఆచారం. చాలా నెలలు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఉగాది వెళ్ళాక ఒక ఆదివారం పాపక్క మాట కదిపింది. ఆమె నాకన్నా ఆరేళ్ళు పెద్ద. బావ పోయిన దగ్గర్నుంచి దేవనహళ్ళిలో ఒంటరిగా ఉండేది. పుష్పావతి పోయాక నా కోసం బెంగళూరు కుందలహళ్ళికి, మేముంటున్న మా కూతురి ఇంటికే వచ్చేసింది.

"ఏడాది అయితానే ఆ మొక్కు తీర్చేయాలప్పా. పుష్ప ఆత్మ దానిమీదనే ఉంటాది," అంది.

"చూద్దాం అక్కా," అన్నాను.

"చూసేది లేదు. జూలై టిక్కెట్లు ఈ నెల ఇరవై నాలుగున వదుల్తారంట. కావ్య చెప్పె."

కావ్య మా ఒక్కతే కూతురు. తను, అల్లుడు యశ్వంత్, ఇద్దరూ ఐటీ. యశ్వంత్ ఫోనులోంచి తల ఎత్తి, "మూడు నెలల ముందే రిలీజ్ చేస్తారు మావయ్యా. పది గంటలకు దర్శనం, మధ్యాహ్నం మూడింటికి రూములు. డేట్ ఫిక్స్ చేసుకుంటే లీవ్ అప్లై చేసేస్తా," అన్నాడు.

"ఏ తేదీ పెట్టుకుందాం నాన్నా?" అని కావ్య నన్నే అడిగింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి.

అప్పటికి నాకు జుట్టు మీద మమకారం పోయింది. దువ్వుకోవడం కూడా మరిచిపోయే రోజులు. కారణం వేరు. ఆమె కుడుతూ వదిలేసిన జాకెట్టు కావ్య కుట్టేసింది. ఆమె పెట్టిన ఆవకాయ అయిపోయింది. ఆమె మొదలుపెట్టి పూర్తి చేయకుండా వెళ్ళినది ఇక ఈ మొక్కు ఒక్కటే. ఇది కూడా తీరిపోతే ఆమెకు నాతో పని ఉండదు. ఇది వాళ్ళతో చెప్పే మాట కాదు. కాబట్టి నాకు చేతనైన పాత పనే చేశాను. సాకు వెతికాను.

ఈసారి సాకు పంచాంగంలో దొరికింది. ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది, అందులో మొదటిది అధికం. దాని వల్ల ఆ తర్వాతి తిథులన్నీ ఆలస్యమయ్యాయి. పుష్పావతి పోయింది ఆషాఢ శుద్ధ దశమి. ఇంగ్లీషు తేదీ ప్రకారం జూలై ఐదుకు ఏడాది నిండినా, తిథి ప్రకారం సంవత్సరీకం జూలై ఇరవై మూడుకు గాని రాదు. అది పెట్టేదాకా నేను కొండ ఎక్కడానికి లేదు.

"ఐదుకు ఏడాది అవుతుంది కదా," అన్నాను నెమ్మదిగా. "పదమూడో తేదీ, సోమవారం. శని ఆదివారాల రద్దీ దిగిపోతుంది. పదహారు, పదిహేడుల్లో కొండ మీద ఆణివార ఆస్థానం ఉత్సవం ఉంటుంది, దానికి ముందే వచ్చేస్తాం."

"సూపర్ ప్లానింగ్ మావయ్యా," అన్నాడు యశ్వంత్.

పాపక్క గోళ్ళ వంక చూసుకుంటూ, "పదమూడు," అంది. "లెక్కల మేష్టరు చెప్తే ఇంకేముండాది. సరేప్పా."

నా లెక్క సులువు. టిక్కెట్లు తీసేస్తారు. జూలై మొదటి వారంలో నేను పంచాంగం పట్టుకుని, అయ్యో అంటాను. టిక్కెట్లు రద్దు కావు. కావ్యా యశ్వంతూ వేరే గోత్రం, పాపక్కది బావగారి గోత్రం; వాళ్ళు ముగ్గురూ వెళ్తారు. నేను ఇంట్లో ఉంటాను. ఏడో టిక్కెట్టు కూడా ఖాళీగా నడుస్తుంది.

ఏప్రిల్ ఇరవై నాలుగు, శుక్రవారం. పొద్దున్న తొమ్మిదిన్నరకే మా హాలు కంట్రోల్ రూములా తయారైంది. ఇదివరకు ఈ అపార్టుమెంటులో ఇరవై నాలుగో తేదీ అంటే పుష్పావతి రోజు. మా ఇంటివాళ్ళకే కాదు, మూడు అంతస్తుల తెలుగువాళ్ళకూ ఆమే టిక్కెట్లు తీసిపెట్టేది. అందరి పేర్లు, వయసులు, ఆధార్ నెంబర్లు ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచుకునేది. అది నేను బడి నుంచి తెచ్చిన గళ్ళ పుస్తకం. ఆమె పోయాక పాపక్క దాన్ని తన పెట్టెలో పెట్టుకుంది. నేను అడగలేదు.

ఆ రోజు పుష్పావతి చోట్లో పైఅంతస్తు ఫర్హానా కూర్చుంది. కర్నూలు పిల్ల. ఇంటి నుంచే పని చేస్తుంది, ల్యాప్‌టాప్ మీద ఆమె వేళ్ళు పరుగెత్తినట్టు ఎవరివీ పరుగెత్తవు. టిక్కెట్లు తీయడం పుష్పావతికి నేర్పిందే ఆ అమ్మాయి; తర్వాత నేర్పినామెను మించి నేర్చుకుంది పుష్పావతి.

"అంకుల్, టెన్షన్ పడకండి. ఆంటీ టెక్నిక్ అంతా నాకు తెలుసు," అంది ఫర్హానా. "తొమ్మిది యాభైకి లాగిన్. వెయిటింగ్ రూములో కూర్చున్నాక రిఫ్రెష్ కొట్టామా, మళ్ళీ లైన్ వెనక్కి పోతాం. ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు."

"ఓటీపీ వచ్చింది," అంది కావ్య, ఫోను చూపిస్తూ.

"మీ నాయనను లోపలికి పంపు," అంది పాపక్క.

"నేనేం చేశాను?"

"ఆరు తూర్లు నీ పేరు రాసిరి, ఆరు తూర్లూ నువ్వు పోలేదు. నీ కన్ను పడితే నెట్టు కూడా నిలిచిపోతాది. దేవుని గూట్లో దీపం పెట్టినాను, ఆరిపోకుండా చూస్తా ఉండు. పో."

నాకు అదే కావలసింది. వెళ్ళి దీపం దగ్గర కూర్చున్నాను. హాల్లోంచి మాటలు వినబడుతున్నాయి.

"వెయిటింగ్ టైమ్ పన్నెండు నిమిషాలు చూపిస్తోంది."

"పోయినసారి నలభై చూపించింది, నయం."

"లోపలికొచ్చాం. క్యాలెండర్ ఓపెన్ అయింది. పచ్చ ఉన్నాయి, పసుపు ఉన్నాయి... అయ్యో, వీకెండ్స్ అన్నీ ఎరుపైపోయాయి అప్పుడే."

"మనది సోమవారమే కదమ్మా."

"ఉంది పెద్దమ్మా, సోమవారం పచ్చగా ఉంది. మధ్యాహ్నం పన్నెండు స్లాట్ తీసుకోనా?"

"తీసుకో తల్లీ. గుండు కొట్టించి స్నానం చేసేదానికి టైము ఉండల్ల."

ఆ మాట పాపక్క నాకు వినబడేలా కొంచెం గట్టిగా అంది.

"నలుగురు. ఒక్కొక్కటి చెప్పండి, తొందరగా. పేమెంటుకు టైమర్ నడుస్తోంది."

పుస్తకం పుటలు తిప్పిన చప్పుడైంది. పాపక్క చదువుతోంది. "గురుమూర్తి. మగ. అరవై మూడు అని రాసుండాది, అరవై నాలుగు చేసుకో. ఆధార్ నెంబరు చెప్తాను రాయి." నా పన్నెండు అంకెలు ఆమె గొంతులో వింటూ దీపం వత్తి ఎగదోశాను. అంకెలు పుష్పావతి రాసినవి. ఏడు అంకెకు అడ్డగీత పెట్టేది; పాపక్క ఒకచోట ఆగి, "ఇది ఏడేనా?" అని కావ్యను అడిగింది.

పది ఇరవైకి, "డన్," అని ఫర్హానా అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను బయటికి వచ్చి, "పదమూడే కదా?" అన్నాను.

"పదమూడే మావయ్యా," అన్నాడు యశ్వంత్, ఫోనులోకి చూస్తూ.

మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ అదే తతంగం. గది నా పేరు మీద, పాపక్క పేరు మీద తీశారు. ఒంటరి మనిషికి గది ఇవ్వరు. ఆ రోజు నుంచి ఇల్లంతా ప్రయాణం మాటలే. తెల్లవారకముందే బయలుదేరాలా, ముందు రోజే వెళ్ళి చిత్తూరులో ఆగాలా. పలమనేరు దగ్గర ఇడ్లీలు ఎక్కడ బాగుంటాయి. గది ఇరవై నాలుగు గంటలే కాబట్టి ఏ పూట తీసుకుంటే లాభం. అలిపిరి దగ్గర తనిఖీకి ఎంతసేపు పడుతుంది. యశ్వంత్ ఒక ఎక్సెల్ షీటు తయారు చేశాడు. అందులో "మావయ్య – కల్యాణకట్ట – 45 నిమిషాలు" అని ఒక వరుస ఉంది.

"మీసానికి విడిగా టైము పెట్టలేదు, చాలుతుందా?" అని అడిగాను.

"బఫర్ ఉంది మావయ్యా."

టిక్కెట్టు కాగితం ప్రింటు తీయించి పాపక్క దేవుడి పటం వెనక పెట్టింది. నేను రోజూ ఆ పటానికి దండం పెట్టాను గాని కాగితం తీసి చూడలేదు. తప్పు చేసినవాడు దాని గుర్తుల జోలికి పోడు.

అధిక జ్యేష్ఠం వచ్చింది. ఆ నెలలో ఒక మాసికం ఎక్కువ పెట్టాల్సి వచ్చింది. అమరనాథ్ ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ట్రాఫిక్‌లో రెండున్నర గంటలు కూర్చుని వచ్చి, పెట్టి, భోంచేసి వెళ్ళాడు. ఆ నెల ఎక్కువ ఎందుకైందని నేను ఎవరితోనూ అనలేదు. ఎవరూ నాతో అనలేదు. అక్కడైనా నాకు అనుమానం రావలసింది. ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లల జవాబులు దిద్దినవాణ్ణి. తరగతి మొత్తం ఒక్క మాట మీద మౌనంగా ఉందంటే దాని అర్థం నాకు తెలిసి ఉండాలి.

జూలై ఆరో తేదీ సాయంత్రం కాఫీల వేళ పంచాంగం పట్టుకుని హాల్లోకి వచ్చాను. ముందు రోజు అద్దం ముందు సాధన చేసిన ముఖం పెట్టుకున్నాను. కావ్య ఆఫీసు నుంచి అప్పుడే వచ్చింది. యశ్వంత్ సోఫాలో ఉన్నాడు. ఫర్హానా ఏదో గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి కూర్చుంది. పాపక్క చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఒక పొరపాటు జరిగింది," అన్నాను.

ఎవరూ ఉలిక్కిపడలేదు.

"ఈ ఏడు అధికమాసం వచ్చింది కదా. నేను గమనించనే లేదు. తిథి ప్రకారం మీ అమ్మ సంవత్సరీకం ఇరవై మూడో తేదీ. పదమూడుకు నేను కొండ ఎక్కడానికి లేదు. టిక్కెట్టు మార్చడానికీ లేదు." ఇక్కడ నిట్టూర్చాలని ముందే అనుకున్నాను. నిట్టూర్చాను. "నా ఒక్కడి టిక్కెట్టే కదా, పోనివ్వండి. మీరు ముగ్గురూ వెళ్ళి రండి."

ఫర్హానా గిన్నెలోకి చూస్తోంది. యశ్వంత్ దగ్గాడు. పాపక్క ఒక చిక్కుడుకాయ ఒలవడం పూర్తి చేసింది.

"ఇప్పుడు చూసినావా పంచాంగం?" అంది.

"ఇప్పుడే."

"పుష్ప పోయిన మర్నాడు తొలి ఏకాదశి. నేను యాభై ఏండ్ల నుంచి ఆ పొద్దు నీళ్ళు తప్ప ముట్టను. మైలలో ఆ ఒక్క ఏడే పోగొట్టుకుంటి. ఈ ఏడు ఎప్పుడొస్తాదో ఉగాది నాడే చూసుకున్నాను. దశమి రెండు పొద్దులు ఉండాది, అందుకే ఇరవై ఐదు. నువ్వు పదమూడు అంటివే, ఆ పొద్దే అనుకుంటి, వీడు మల్లా మొదలుపెట్టినాడు అని."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఇంకోటి వెతుకుతావు. కావ్యా, ఆ పటం వెనక ఉండేది తీసుకురా."

కావ్య తెచ్చింది. మడత విప్పి నా ముందు పెట్టింది. నా పేరు. నా వయసు, అరవై నాలుగు. దర్శనం తేదీ ఇరవై ఏడు, జూలై, సోమవారం. గది కాగితం కూడా అదే తేదీకి ఉంది.

నేను కాగితం రెండుసార్లు చదివాను. ఆమాటకొస్తే మూడుసార్లు.

"పదమూడు అని చెప్పారు కదయ్యా," అన్నాను యశ్వంత్‌తో.

"మీరు పదమూడే కదా అన్నారు, అవునన్నాను మావయ్యా. పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పకూడదని."

"లీవు?"

"ఇరవై ఏడుకే పెట్టాను."

"నువ్వు కూడానా అమ్మా?" అన్నాను ఫర్హానాతో.

"సారీ అంకుల్. నేను సోమవారం అనే అన్నాను, డేట్ చెప్పలేదు. ఆ రోజు నవ్వు ఆపుకోవడానికి నాలుక కొరుక్కున్నా, ఇప్పటికీ నొప్పి ఉంది."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కొంచెం. "ఇంతమంది కలిసి నాటకం ఆడారు. ఎవరి ఆలోచన ఇది?"

పాపక్క చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి గళ్ళ పుస్తకం తెచ్చింది. చివరి పుటలు తెరిచి నా ఒళ్ళో పెట్టింది. "నాది కాదప్పా. నాకు అంత తెలివి యాడిది."

పుష్పావతి అక్షరాలు. పైన "మేష్టారి కారణాలు" అని రాసి కింద గీత గీసింది. సంవత్సరం వారీగా.

మొదటిది: పదో తరగతి పేపర్లు దిద్దాలి. పక్కన చిన్నగా, ఆ ఏడు వారిని దిద్దడానికి పిలవలేదు.

రెండోది: ఎన్నికల డ్యూటీ శిక్షణ. నిజమే.

మూడోది: మోకాలు బెణికింది. సాయంత్రం రెండో అంతస్తు నుంచి క్రికెట్ చూడటానికి నాలుగో అంతస్తుకు మెట్ల మీద వెళ్ళారు.

నాలుగోది: ఆధార్ కార్డు కనబడలేదు, అసలు కార్డు లేకపోతే లోపలికి పంపరు. తిరిగి వచ్చాక బియ్యం డబ్బాలో దొరికింది. ఆశ్చర్యం బాగా నటించారు.

ఐదోది: వారి శిష్యుడి పెళ్ళి. శిష్యుడి పేరు రెండుసార్లు రెండు రకాలుగా చెప్పారు.

ఆరోది: కొండ మీద వర్షాలు. బెంగళూరులో కూడా పడ్డాయి.

దాని కింద కొంచెం ఖాళీ వదిలి, వేరే సిరాతో రాసి ఉంది. పోయిన ఏడు మే నెల తేదీ వేసింది. పోవడానికి రెండు నెలల ముందు.

"ఈసారి పద్ధతి మార్చాలి. తేదీ వారినే అడగాలి. వారు చెప్పే తేదీలో ఏదో మెలిక ఉంటుంది. ఆ తేదీ వదిలేసి, ఒకటి రెండు వారాలు దాటి తీయాలి. టిక్కెట్టు వారికి చూపకూడదు. పాపక్క వదినకు, ఫర్హానాకు ముందే చెప్పాలి. యశ్వంత్ మొహంలో తెలిసిపోతుంది, ఫోను చూస్తూ మాట్లాడమనాలి."

యశ్వంత్ ఆ క్షణంలో కూడా ఫోనే చూస్తున్నాడు.

పుస్తకం మూసి, మళ్ళీ తెరిచాను. ఆమె చేయాలనుకుని చేయలేక పోయినవి నేను లెక్కపెట్టుకున్నాననుకున్నాను. ఇది ఆ లెక్కలో లేదు. ఏప్రిల్ నుంచి ఈ ఇంట్లో ఆమె అనుకున్న పని ఆమె అనుకున్నట్టే నడుస్తోంది. అందరికీ తెలుసు, దీపం దగ్గర కూర్చోబెట్టిన నాకు తప్ప.

"నాన్నా," అంది కావ్య. "వెళ్దామా?"

"వెళ్ళకపోతే ఏడోది రాస్తారు కదా," అన్నాను.

"రాయం. చోటు లేదు," అంది పాపక్క. నిజమే. పుష్పావతి ఆ పుట అక్కడితో ముగించింది.

ఇరవై మూడున అమరనాథ్ సంవత్సరీకం పెట్టాడు. ఇరవై ఆరున మధ్యాహ్నం కారులో బయలుదేరి, రాత్రికి తిరుపతిలో పడుకుని, మర్నాడు పొద్దున్నే కొండ మీదికి చేరాం. పలమనేరులో ఇడ్లీలు యశ్వంత్ షీటులో రాసినంత బాగా లేవు. గది ఇచ్చేచోట కౌంటరులో కెమెరా ముందు నన్ను నిలబెట్టి ముఖం ఫోటో తీశారు. ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ ఇదే ముఖం చూపించాలని చెప్పారు.

"ఇదే ముఖమా?" అని పాపక్క కావ్య వైపు చూసింది. ఇద్దరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

కల్యాణకట్టలో టోకెను, బ్లేడు ఇచ్చారు. నేల మీద వరుసగా కూర్చున్నవాళ్ళలో నాకు దొరికిన మంగలి చురుకైన మనిషి. తల తడిపి, నా జుట్టును ఒకసారి చేత్తో పట్టుకుని, "బలే ఉంది సార్ ఈ వయసులో. ఎన్నాళ్ళ మొక్కు?" అన్నాడు.

"పదకొండేళ్ళు."

"ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?"

"టిక్కెట్టు దొరకలేదు," అన్నాను. అది ఏడో కారణం. వినడానికి ఆమె లేదు, రాయడానికి చోటూ లేదు. మంగలి మాత్రం నమ్మాడు.

మొదటి గీతకు జుట్టు ఒళ్ళో పడింది. నేను అనుకున్నదానికన్నా తెల్లగా ఉంది. ఇంట్లో అద్దం నాకు మర్యాద చేసినట్టుంది. మీసం దగ్గర అతను చెయ్యి ఆపి, ఇది కూడానా అన్నట్టు చూశాడు. తల ఊపాను. యశ్వంత్ షీటులో నలభై ఐదు నిమిషాలు రాసుకున్న పని పదిహేను నిమిషాల్లో అయిపోయింది.

స్నానం చేసి, తలకు చందనం రాసుకుని, పంచె కట్టుకుని బయటికి వస్తే కావ్య నన్ను దాటి వెళ్ళిపోయింది. నాలుగడుగులు వేశాక ఆగి, వెనక్కి తిరిగి, నా తల వంక చూసింది. నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అమ్మ చూడలేదు నాన్నా," అంది.

"మీ అమ్మ దీన్ని పదకొండేళ్ళుగా చూస్తూనే ఉంది," అన్నాను.

పన్నెండింటి స్లాటుకు వరుసలో నిలబడ్డాం. ప్రవేశం దగ్గర టిక్కెట్టు, ఆధార్ చూశారు. అసలు కార్డు ఈసారి పాపక్క తన నడుము సంచిలో పెట్టుకుని వచ్చింది. బియ్యం డబ్బాకు దూరంగా. కార్డు మీద ఫోటోలో జుట్టుంది, మీసముంది. అక్కడి మనిషి ఫోటోను, నన్ను, చందనాన్ని మార్చి మార్చి చూసి ఏమీ అనకుండా పంపించాడు. రోజుకు అలాంటివాళ్ళను ఎంతమందిని చూస్తాడో.

లోపల ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. స్వామి ముందు మాత్రం రెండు క్షణాలు. ఏమని చెప్పుకోవాలో దారంతా అనుకుంటూ వచ్చాను. అక్కడికి వెళ్ళాక, "ఆవిడ చెప్పింది, తెచ్చాను," అనే సరికి ముందుకు నెట్టేశారు.

మర్నాడు పొద్దున గది ఖాళీ చేయడానికి కౌంటరుకు వెళ్ళాం. మళ్ళీ కెమెరా. నిన్నటి ముఖం తెర మీద ఉంది. ఇవాళ్టి ముఖం దాని ముందు నిలబడింది. పాపక్క నా వెనక నుంచి తొంగి చూస్తూ, "గుర్తుపట్టదు చూడు. నిన్ను ఈడనే పెట్టుకుంటారు," అంది.

ఒక్క క్షణం. తెర మీద పచ్చ రంగు వెలిగింది.

"పట్టేసిందే," అంది పాపక్క, కొంచెం నిరాశగా.

కారులో ఎక్కాక గళ్ళ పుస్తకం అడిగి తీసుకున్నాను. మొదటి పుటల్లో మూడు అంతస్తుల వాళ్ళ పేర్లు, వయసులు ఉన్నాయి. కొందరికి ఒక ఏడు, కొందరికి రెండేళ్ళు కలపాలి. మళ్ళీ అందరి టిక్కెట్లూ తీయాల్సిన వచ్చే ఇరవై నాలుగుకు నెల కూడా లేదు.

"పెన్ను ఉందా?" అని యశ్వంత్‌ను అడిగాను.

"ఏం రాస్తావు?" అంది పాపక్క అనుమానంగా.

"ఫర్హానా పేరు లేదు ఇందులో. తొమ్మిది యాభైకి లాగిన్ అయ్యేది ఎవరో రాసిపెట్టాలి కదా."

పాపక్క కాసేపు నా గుండును చూసింది. "ఏడుకు అడ్డగీత పెట్టేది మరిచిపోవద్దు," అంది. "లేకుంటే మాకు చదివేదానికి కాదు."

ఘాట్ రోడ్డు మలుపుల్లో అక్షరాలు వంకర పోతాయని అలిపిరి దిగేదాకా ఆగి, అప్పుడు రాశాను.